కలలో దెబ్బలాట, మంచం పక్కన గాయం

1982లో అమెరికాలోని మినియాపోలిస్ నగరంలో కార్లోస్ షెంక్ అనే డాక్టరు దగ్గరకు 67 ఏళ్ల పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. కిరాణా వ్యాపారం చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడు, పగలంతా నెమ్మదస్తుడు. రాత్రి నిద్రలో మాత్రం కొట్టేవాడు, తన్నేవాడు, మంచం మీంచి దూకేవాడు. ఒక రాత్రి ఆయనకు ఫుట్‌బాల్ ఆడుతున్నట్టు కల వచ్చింది. బంతి పట్టుకుని ఎదుటి జట్టు ఆటగాడి మీదికి దూసుకెళ్లాడు. మెలకువ వచ్చి చూసుకుంటే పడకగదిలోని బట్టల బీరువాను ఢీకొని కింద పడి ఉన్నాడు.

షెంక్, ఆయన సహచరుడు మార్క్ మహోవాల్డ్ ఇలాంటివాళ్లను మరికొందరిని నిద్ర ప్రయోగశాలలో పడుకోబెట్టి, రాత్రంతా మెదడు తరంగాలు, కండరాల కదలిక నమోదు చేశారు. ఐదుగురి వివరాలతో 1986లో వాళ్లు ప్రచురించిన వ్యాసంతో ఇదొక ప్రత్యేకమైన జబ్బని వైద్యలోకం గుర్తించింది. రెమ్ స్లీప్ బిహేవియర్ డిజార్డర్, పొట్టిగా ఆర్‌బీడీ అంటారు. ఎక్కువగా 50 దాటినవాళ్లలో కనిపిస్తుంది. వైద్యానికి వచ్చేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ.

మనం కలలు కనేది ప్రధానంగా రెమ్ అనే నిద్ర దశలో. అప్పుడు మూసిన రెప్పల కింద కనుగుడ్లు చకచకా కదులుతుంటాయి, మెదడు దాదాపు మెలకువలో ఉన్నంత చురుగ్గా పనిచేస్తుంది. కానీ ఒళ్లు కదలదు. మెదడు కాండంలోని కొన్ని నాడీకణాల గుంపులు వెన్నుపాముకు ఆపు సంకేతం పంపి, ఊపిరి తీసే కండరాలనూ కళ్లనూ వదిలేసి మిగతా కండరాలను సడలించేస్తాయి. కలలో ఎంత పరుగెత్తినా కాళ్లు దుప్పటి కిందే ఉండేది అందుకే. ఆ కణాలు దెబ్బతింటే ఏమవుతుందో ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో మిషెల్ జువే 1960ల్లో పిల్లుల మీద చూపించాడు. మెదడు కాండంలో ఆ చోట గాయం చేసిన పిల్లులు గాఢంగా నిద్రపోతూనే లేచి, కనిపించని ఎలుక మీదికి లంఘించేవి. అదే మనుషుల్లోనూ జరుగుతుందని షెంక్ రోగులు రుజువు చేశారు.

మన ఇళ్లలో దీన్ని జబ్బుగా ఎవరూ అనుకోరు. "నిద్రలో కలవరిస్తారు" అని సరిపెట్టుకుంటారు. ఇంకా ముదిరితే గాలి సోకిందంటారు, తాయెత్తు కట్టిస్తారు. దెబ్బలు తినేది పక్కన పడుకునే భార్య. కంటి కింద కమిలిన మచ్చకు నలుగురికీ ఏం చెప్పాలో తెలియక ఆమె నోరు మూసుకుంటుంది. అందుకే ఈ జబ్బు డాక్టరు గది దాకా రావడానికే ఏళ్లు పడుతుంది.

నిజానికి గుర్తుపట్టడం అంత కష్టం కాదు. అరుపులూ తన్నులూ సాధారణంగా రాత్రి రెండో సగంలో, తెల్లవారుజామున ఎక్కువగా వస్తాయి. కళ్లు మూసుకునే ఉంటాయి. మనిషి గది దాటి వెళ్లడం అరుదు. పిలిస్తే త్వరగా తెలివిలోకి వచ్చి, కుక్క తరిమిందనో, దొంగ మీద పడ్డాడనో కలను స్పష్టంగా చెబుతాడు. ఆ కలకూ బయటి చేష్టకూ పొంతన కుదురుతుంది. నిద్రలో నడక దీనికి భిన్నం. అది పడుకున్న తొలి గంటల్లో గాఢనిద్రలో వస్తుంది, కళ్లు తెరిచే ఉంటాయి, లేపితే మనిషి అయోమయంగా చూస్తాడు, ఏమీ గుర్తుండదు. మూర్ఛ వల్ల వచ్చే కదలికలైతే ప్రతిసారీ అచ్చు ఒకే తీరులో ఉంటాయి.

ఇక వైద్యం. ఆర్‌బీడీకి ప్రధానంగా వాడే మందులు రెండు: మెలటోనిన్, క్లోనజెపామ్. రెండూ మన ఊళ్లో మందుల షాపుల్లో ఉండేవే. ఏది ఎవరికి, ఎంత మోతాదులో, ఏ వరసలో అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు వయసును బట్టి, ఇంటిని బట్టి, ఆ మనిషి ఇప్పటికే మింగుతున్న మాత్రలను బట్టి మారుతుంది. ఒక ఉదాహరణతో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. ఇలాంటి రోగుల్లో తరచూ కనిపించే సంగతులు కలిపి కట్టినది.

గుంటూరు జిల్లాలో ఒక ఊరు. పెద్దాయనకు 71 ఏళ్లు, స్కూలు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నాలుగేళ్ల కిందట గుండెకు స్టెంటు వేశారు, అప్పట్నుంచి రక్తం గడ్డకట్టకుండా మాత్ర వేసుకుంటున్నారు. బీపీ మందు ఉంది. ప్రొస్టేటు వల్ల రాత్రి రెండుసార్లు లేచి బాత్రూముకు వెళ్తారు. గురక ఉంది. తమ్ముడు పోయాక దిగులు పట్టుకుంటే ఏడాది కిందట ఎస్సిటాలోప్రామ్ అనే మాత్ర మొదలుపెట్టారు. నిద్రలో అరవడం అంతకుముందే అప్పుడప్పుడూ ఉండేది. ఈ ఏడాదిలో వారానికి రెండు మూడు రాత్రులైంది. ఒక తెల్లవారుజామున, పొలంలో పందిని తరుముతున్నట్టు కల వచ్చి, పక్కనున్న స్టూలును కాలితో తన్నారు. బొటనవేలి గోరు ఊడింది, రక్తం ఎంతకీ ఆగలేదు. హైదరాబాదు నుంచి వచ్చిన కూతురు, "నాన్నా, ఇది డాక్టరుకు చూపించాల్సిందే" అని పట్టుబట్టింది.

అపాయింట్‌మెంటు వారం తర్వాత. ఆ వారం ఊరికే కూర్చోనక్కర్లేదు. ఈ జబ్బులో వైద్యం పడకగదిలోంచే మొదలవుతుంది, దానికి చీటీ అవసరం లేదు. మందు బాగా పనిచేసిన ఇంట్లో కూడా నెలకో రాత్రి అదుపు తప్పవచ్చు. ఆ ఒక్క రాత్రి తల ఎక్కడ తగులుతుందన్నది గదిని బట్టి ఉంటుంది. అందుకే గదిని సర్దడాన్ని మందు తర్వాత చెప్పే చిన్న సలహాగా చూడడం పొరపాటు.

మొదట మంచం. ఎత్తు పందిరి మంచమో ఇనప మంచమో అయితే పక్కన పెట్టి, పరుపును నేల మీద గానీ బాగా తక్కువ ఎత్తున్న దివాన్ మీద గానీ వేయాలి. అయితే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నేల మీంచి లేవలేరు. రాత్రి బాత్రూముకు లేవబోయి తూలితే అదొక కొత్త ప్రమాదం. మాస్టారి విషయంలో అదే అడ్డొచ్చింది. అందుకని తక్కువ ఎత్తు మంచమే ఉంచి, ఒక వైపు గోడకు ఆనించి, గోడకు దళసరి బొంతలు అడ్డం పెట్టి, రెండో వైపు నేల మీద పాత పరుపు పరిచారు. లేచి నడిచే దారిలో పరుపు అంచు కాలికి తగలకుండా చూసుకున్నారు. ఆసుపత్రి మంచాలకు ఉండే కటకటాలు బిగిద్దామని కొడుకు అన్నాడు. వాటితో జాగ్రత్త. నిద్రలో పెనుగులాడే మనిషి చెయ్యో మెడో ఆ కడ్డీల మధ్య ఇరుక్కోవచ్చు, లేదా వాటిని దాటబోయి మరింత ఎత్తు నుంచి పడవచ్చు. మెత్త చుట్టకుండా అవి వాడకూడదు.

తర్వాత చేతికీ కాలికీ అందేవన్నీ. తలవైపు గాజు సీసా, స్టీలు చెంబు, టేబుల్ లైటు, స్టాండు ఫ్యాను, ఇనప స్టూలు, దోమల చక్రం, ఫోను చార్జరు తీగ అన్నీ దూరం జరపాలి. నీళ్లు కావాలంటే ప్లాస్టిక్ సీసాలో, మంచానికి రెండడుగుల అవతల. అద్దాల బీరువా ఉంటే గది మార్చాలి. కిటికీ పక్కన మంచం వద్దు. డాబా మీద, పిట్టగోడ పక్కన వేసవి పడకలు అసలే వద్దు. దోమతెర కట్టుకునే ఇళ్లలో దాన్ని పరుపు కిందికి బిగించి దోపితే, కలలో చేతులు విసిరినప్పుడు చిక్కుకుంటుంది. కిటికీలకు జాలీ బిగిస్తే దోమతెర అవసరమే ఉండదు. కత్తిపీట, కొడవలి, గొడ్డలి లాంటివి ఆ గదిలో ఉండకూడదు. లైసెన్సు తుపాకీ ఉన్న ఇల్లయితే అది వేరే చోట తాళంలో ఉండాలి. బాత్రూము దారిలో చిన్న దీపం రాత్రంతా వెలగాలి.

కొందరు భయంతో తమను తాము మంచానికి తాడుతో కట్టేసుకున్నారని షెంక్ బృందం నమోదు చేసింది. అది చేయకూడని పని.

అన్నిటికంటే కష్టమైన మాట ఎక్కడ పడుకోవాలన్నది. అదుపులోకి వచ్చేదాకా భార్య వేరే మంచం మీదో, వేరే గదిలోనో పడుకోవడమే క్షేమం. యాభై ఏళ్ల కాపురం తర్వాత ఈ మాట అనడానికీ వినడానికీ మనసొప్పదు. ఇద్దరి మంచాల మధ్య నాలుగడుగుల దూరం చాలని మాస్టారి భార్య అంది. దానికి డాక్టర్లు కూడా ఒప్పుకుంటారు. ఆయన అరవడం మొదలుపెట్టినప్పుడు దగ్గరికెళ్లి చేతులు పట్టుకోకూడదు. కలలో ఆయన కొట్టేది దొంగనైనా దెబ్బ తగిలేది ఆమెకే. దూరం నుంచే, ప్రశాంతంగా, "ఏమండీ, కల వస్తోంది, ఏం లేదు, పడుకోండి" అని పిలవాలి. ఆ గొంతు చాలాసార్లు పనిచేస్తుంది. మిన్నెసోటా డాక్టర్లే 2011లో ఈ సంగతిని ఆధారం చేసుకుని, రోగి మంచం దిగబోగానే ఇంట్లోవాళ్ల గొంతుతో ముందే రికార్డు చేసిన మాటలు వినిపించే అలారం పరుపును నలుగురు రోగులకు వాడి చూశారు. మందులకు లొంగని ఆ నలుగురికీ గాయాలు తప్పాయి.

వారం గడిచాక డాక్టరు దగ్గర మొదటి ప్రశ్న మందు గురించి కాదు, ఇప్పటికే వాడుతున్న మందుల గురించి. దిగులుకు, ఆందోళనకు ఇచ్చే చాలా మాత్రలు రెమ్ నిద్రలో కండరాల సడలింపును చెడగొడతాయి. ఎస్సిటాలోప్రామ్, ఫ్లూఆక్సెటిన్, వెన్లాఫాక్సిన్, అమిట్రిప్టిలిన్, మిర్టాజపిన్ ఆ కోవలోవే. మాస్టారికి జబ్బు ముందే మొలకెత్తినా, ఏడాది కిందట మొదలైన మాత్ర దాన్ని పెంచి ఉండవచ్చు. అలాగని ఇంట్లోవాళ్లే దాన్ని ఆపేయకూడదు. ఠక్కున మానేస్తే తల తిరుగుడు, చిరాకు, తిరగబెట్టిన దిగులు వస్తాయి. తగ్గించాలా, మరో మాత్రకు మారాలా అన్నది దాన్ని రాసిన డాక్టరుతో మాట్లాడి తేల్చాలి. నెమ్మదిగా తగ్గిస్తే కొందరిలో నిద్ర చేష్టలు చాలావరకు సర్దుకుంటాయి.

రెండో ప్రశ్న గురక. నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా తీవ్రంగా ఉంటే, ఊపిరి కోసం గిజగిజలాడుతూ లేచే మనిషి కూడా అరుస్తాడు, తన్నుతాడు. చూడటానికి అచ్చం ఆర్‌బీడీలాగే ఉంటుంది. అలాంటివాళ్లకు సీపాప్ మాస్కు పెడితే మందే లేకుండా ఆ చేష్టలు ఆగిపోతాయని బార్సిలోనా డాక్టర్లు 2005లో చూపించారు. తేడా చూడకుండా క్లోనజెపామ్ ఇస్తే గొంతు కండరాలు మరింత సడలి, ఊపిరి మరింత ఎక్కువసేపు ఆగుతుంది. అందుకే రాత్రంతా వీడియోతో కలిపి చేసే స్లీప్ స్టడీ అవసరం. రెమ్ నిద్రలో కండరాలు సడలకుండా ఉన్నాయని అందులో తేలితేనే జబ్బు ఖాయమవుతుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి నగరాల్లో పెద్ద ఆసుపత్రుల్లో ఈ పరీక్ష చేస్తారు. మాస్టారికి ఆర్‌బీడీ ఉన్నట్టూ, తేలికపాటి ఆప్నియా కూడా ఉన్నట్టూ తేలింది.

ఇక్కడ మెలటోనిన్ ముందుకొస్తుంది. చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి విడుదల చేసే హార్మోను ఇది. అదే పదార్థాన్ని మాత్రగా ఇస్తే, ఆర్‌బీడీ ఉన్నవాళ్లలో రెమ్ నిద్రలోని కండరాల సడలింపు కొంత తిరిగి వస్తున్నట్టు చిన్న అధ్యయనాల్లో కనిపించింది. మామూలు నిద్రలేమికి వాడే మోతాదు కంటే ఇక్కడ ఎక్కువ కావాలి. త్వరగా కరిగే రకం 3 మిల్లీగ్రాములతో పడుకునే ముందు మొదలుపెట్టి, వారం పది రోజులకోసారి 3 చొప్పున పెంచుతూ వెళ్తారు. చాలామందికి 6 నుంచి 9 మధ్య ఫలితం తెలుస్తుంది. 15 దాటించరు. ప్రతి రాత్రీ ఒకే వేళకు వేసుకోవాలి. బాగాలేని రాత్రి మాత్రమే మింగుదామంటే కుదరదు.

మాస్టారికి 3 మిల్లీగ్రాములతో పెద్ద తేడా కనిపించలేదు. 6కు వచ్చాక అరుపులు తగ్గాయి. 9కి పెంచితే తన్నులు కూడా తగ్గాయి గానీ, పొద్దున పది దాకా మబ్బుగా ఉండేది, కాఫీ తాగుతూ కునికేవారు. తిరిగి 6కు దించారు. నెలన్నర తర్వాత లెక్క చూస్తే వారానికి మూడు రాత్రుల గోల నెలకు ఒకటీ రెండుకు వచ్చింది, గాయం ఒక్కటీ లేదు. పూర్తిగా ఆగలేదు కదా అని కొడుకు నిరుత్సాహపడ్డాడు. కానీ ఈ వయసులో, ఈ జబ్బులో అది మంచి ఫలితమే. కల రాకుండా చేయడం వైద్యం ధ్యేయం కాదు, ఎవరికీ దెబ్బ తగలకుండా చూడటమే ధ్యేయం.

మెలటోనిన్ సురక్షితమైనదే, అయినా ఇది పప్పులో కరివేపాకు లాంటిది కాదు. తలనొప్పి, వికారం, పొద్దుటి మత్తు, ఒక్కోసారి పీడకలలు వస్తాయి. ఫ్లూవాక్సమిన్ అనే మాత్ర వాడేవాళ్ల ఒంట్లో మెలటోనిన్ అరగక చాలా రెట్లు పేరుకుంటుంది. వార్ఫరిన్ లాంటి రక్తం పలుచన మందులు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. ఇంకో చిక్కు, చాలా చోట్ల దీన్ని మందుగా కాక ఆహార అనుబంధంగా అమ్ముతారు. కెనడాలో 2017లో పరిశోధకులు 31 రకాల మెలటోనిన్ ఉత్పత్తులను పరీక్షిస్తే, కొన్నిటిలో సీసా మీద రాసినదాంట్లో ఐదో వంతు కూడా లేదు, కొన్నిటిలో నాలుగైదు రెట్లు ఉంది. అమెరికా నుంచి పిల్లలు పంపిన తియ్యటి గమ్మీలు వాడుతున్న తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఒకే కంపెనీ మాత్రకు కట్టుబడితే, పెంచినా తగ్గించినా అర్థం ఉంటుంది.

క్లోనజెపామ్ కథ వేరు. షెంక్ బృందం మొదటి రోగులకు ఇచ్చి మేలు చూసినది దీన్నే. దశాబ్దాల పాటు ఇదే ప్రధాన మందుగా నిలిచింది. చాలామందికి మొదటి కొన్ని రాత్రుల్లోనే పనిచేస్తుంది. విచిత్రమేమిటంటే, ఇది కండరాల సడలింపును తిరిగి తెచ్చినట్టు పెద్దగా కనిపించదు. కలల ఉద్రేకాన్ని, చేష్టల తీవ్రతను తగ్గిస్తుంది. యాభై ఐదేళ్ల వయసు, గురక లేదు, మతిమరుపు లేదు, నడక గట్టిది, కానీ వారానికోసారి మంచం మీంచి దూకి తల పగలగొట్టుకుంటున్నాడు అనుకుందాం. అలాంటి మనిషికి ఇది మంచి మందు. పడుకునే అరగంట ముందు 0.25 లేదా 0.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, అవసరమైతేనే 1 దాకా, అరుదుగా 2 దాకా వెళ్తారు.

మాస్టారిలాంటివాళ్ల దగ్గరే చిక్కు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 30 నుంచి 40 గంటలు పడుతుంది. అంటే ఈ రాత్రి మాత్ర రేపు రాత్రికి కూడా సగం పైనే మిగిలి ఉంటుంది, దాని మీద మరో మాత్ర చేరుతుంది. రోజులు గడిచేకొద్దీ మత్తు పేరుకుంటుంది. మొదటి రెండు రోజులు బాగానే ఉందని మురిసిన ఇంట్లోవాళ్లు, వారం తర్వాత ఆయన తూలుతుంటే వయసు మీద పడిందనుకుంటారు. మాట ముద్దగా రావడం, మధ్యాహ్నం కునుకు, చెప్పింది మరిచిపోవడం, స్కూటరు మీద బ్రేకు ఆలస్యంగా వేయడం కూడా ఈ మందు వల్లే కావచ్చు. రాత్రి బాత్రూముకు లేచినప్పుడు పడితే తుంటి ఎముక విరుగుతుంది. రక్తం పలుచన మందు వాడేవాళ్లు తల కొట్టుకుంటే పుర్రె లోపల నెమ్మదిగా రక్తం చేరవచ్చు. అలాంటి దెబ్బ తర్వాత తలనొప్పి పెరుగుతున్నా, మగతగా ఉన్నా, ఒక వైపు చెయ్యి బలహీనపడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి స్కాన్ తీయించాలి. పగలు కాదు, రేపు కాదు, అప్పుడే.

అమెరికా వృద్ధుల వైద్య సంఘం పెద్దవాళ్లకు ఇవ్వకూడని మందుల పట్టిక ఒకటి వెలువరిస్తుంది, బీర్స్ జాబితా అంటారు. క్లోనజెపామ్ వర్గం మొత్తాన్నీ పెద్దవయసులో మానమని చెప్పే ఆ జాబితా కూడా, సరైన కారణం ఉన్న కొన్ని సందర్భాలను మినహాయించింది. ఆర్‌బీడీ వాటిలో ఒకటి. అంటే ఈ జబ్బులో ఇది నిషిద్ధం కాదు, లెక్కగా వాడాల్సినది. ఆప్నియాకు వైద్యం జరగనివాళ్లకు, మతిమరుపు జబ్బున్నవాళ్లకు, తూలే నడకవాళ్లకు చాలా డాక్టర్లు దీన్ని చివరికి అట్టేపెడతారు. మతిమరుపు ఉన్నవాళ్లలో ఇది అయోమయాన్ని పెంచి, ఉన్న కాస్త తెలివినీ మసకబారుస్తుంది. సారాతో, బలమైన నొప్పి మాత్రలతో, ఇతర నిద్రమాత్రలతో కలిపితే ఊపిరే మందగిస్తుంది. రాత్రి పెగ్గు అలవాటున్న మనిషికి ఈ మాత్ర రాసే ముందు డాక్టరుకు ఆ సంగతి తెలియాలి. సిగ్గుపడి దాచకూడదు.

మరో మాట. నెలల తరబడి వాడిన క్లోనజెపామ్‌ను ఒక్కసారిగా ఆపకూడదు. ఊరెళ్తూ మాత్రలు మరిచిపోయిన మూడో నాలుగో రాత్రి చేష్టలు రెట్టింపు వేగంతో తిరిగి రావచ్చు. అంతేకాదు, వణుకు, ఆందోళన, కొందరిలో ఫిట్స్ కూడా వస్తాయి. మానాలంటే వారాల మీద కొంచెం కొంచెం తగ్గించాలి. మామూలు నిద్ర కోసమని పక్కింటివాళ్ల చీటీతో కొనే అలవాటున్నచోట ఈ హెచ్చరిక ఇంకా గట్టిగా చెప్పాలి.

రెండిటిలో ఏది మేలు? అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు 2013లో రోగులను అడిగి పోల్చి చూశారు. మామూలుగా 6 మిల్లీగ్రాముల మెలటోనిన్, అర మిల్లీగ్రాము క్లోనజెపామ్ వాడినవాళ్లు వాళ్లు. చేష్టలు రెండిటితోనూ తగ్గాయి, ఇబ్బందులు మెలటోనిన్‌తో తక్కువ. అయితే ఉత్తుత్తి మాత్రతో పోల్చిన గట్టి పరీక్షలు అంత ధైర్యం ఇవ్వవు. పార్కిన్సన్ ఉన్న రోగుల్లో క్లోనజెపామ్‌ను కొరియాలో, మెలటోనిన్ నిదానంగా కరిగే రకాన్ని ఆస్ట్రేలియాలో పరీక్షిస్తే, రెండూ ఉత్తుత్తి మాత్రను మించలేదు. 2023లో అమెరికా నిద్ర వైద్యుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాలు అందుకే రెండిటినీ సూచిస్తూనే, పూర్తి బలంతో కాక షరతుగా సూచించాయి. మందు మొదలుపెట్టిన ఇంటికి దీని అర్థం ఒక్కటే. పనిచేస్తోందో లేదో ఈ ఇంట్లో, ఈ మనిషిలో కొలవాలి. పనిచేయని మందును ఏళ్లకేళ్లు మింగించకూడదు, అందులోనూ క్లోనజెపామ్‌ను. పెద్దవాళ్లకు మెలటోనిన్‌తో మొదలుపెట్టడమే తెలివైన దారి. దాంతో సరిపోక గాయాలు ఆగకపోతే, దానికి తోడుగా పావు మిల్లీగ్రాము క్లోనజెపామ్ కలిపి చూడటం తర్వాతి మెట్టు.

ఈ రెండు మందులూ చేయలేనిది ఒకటుంది. కారణమేదీ లేకుండా వచ్చిన ఆర్‌బీడీ చాలామందిలో పార్కిన్సన్ జబ్బుకో, దాని బంధువులైన లూయీ బాడీ మతిమరుపు లాంటి జబ్బులకో ఏళ్ల ముందు కనిపించే లక్షణం. ఎన్నో దేశాల నిద్ర కేంద్రాలు కలిసి 1280 మంది రోగులను గమనించిన అధ్యయనం 2019లో వచ్చింది. ఏడాదికి సుమారు 6 శాతం మంది చొప్పున ఈ జబ్బుల్లో ఒకదానివైపు మళ్లారు, పన్నెండేళ్లు గడిచేసరికి నూటికి 73 మంది. మెలటోనిన్ గానీ క్లోనజెపామ్ గానీ ఆ ప్రయాణాన్ని ఆపుతాయని రుజువు లేదు. అమెరికా నటుడు ఆలన్ ఆల్డా కథ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. కలలో ఎవరో మీద పడుతుంటే ఆయన బంగాళదుంపల మూట విసిరాడు. నిజంగా విసిరింది భార్య మీదికి దిండు. కలలను ఆచరించడం పార్కిన్సన్‌కు తొలి సూచన కావచ్చని పత్రికలో చదివిన ఆయన తానే పరీక్ష అడిగాడు. జబ్బు 2015లో తేలింది, 2018లో ఆయనే లోకానికి చెప్పాడు.

ఈ విషయాన్ని పెద్దాయనకు ఎంత చెప్పాలన్నది ఇంటిల్లిపాదినీ కలవరపెట్టే ప్రశ్న. చెప్పకుండా దాచి ఇంటర్నెట్లో ఆయనే చదివేలా చేయడం మంచిది కాదు. తెలుసుకోవాలని ఉందా అని డాక్టరు ముందే అడిగి, వినదలిచినంత చెప్పడం న్యాయం. వస్తుందని ఖాయం కాదనీ, వచ్చినా ఎన్నో ఏళ్లు పట్టవచ్చనీ కూడా ఆ మాటల్లో ఉండాలి. వాసన తెలియకపోవడం, పాత మలబద్ధకం, చేతిరాత చిన్నదైపోవడం, నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగకపోవడం ఉన్నాయా అని ఏడాదికోసారి న్యూరాలజిస్టు చూస్తారు.

మాస్టారి భార్య ఇప్పుడు గోడ క్యాలెండరులో చిన్న గుర్తులు పెడుతోంది. అరిచిన రాత్రికి ఒక చుక్క, తన్నిన రాత్రికి రెండు, దెబ్బ తగిలితే ఎర్ర గీత. మాత్ర మోతాదు మారిన రోజు, ఆయన పగలు కునికిన రోజు, తూలిన రోజు కూడా రాస్తోంది. మూడు నెలలకోసారి ఆ కాగితం చూసే డాక్టరు మోతాదు పెంచాలో తగ్గించాలో నిర్ణయిస్తారు. మొన్న వెళ్లినప్పుడు ఎస్సిటాలోప్రామ్‌ను నెమ్మదిగా తగ్గించి చూద్దామని మానసిక వైద్యుడితో మాట్లాడారు. మెలటోనిన్ 6 మిల్లీగ్రాముల దగ్గరే ఉంది, క్లోనజెపామ్ ఇంకా రాయలేదు.